గ్యాప్ ఫిల్ ట్రేడ్: 2025 ఏప్రిల్, మే నిఫ్టీ చార్ట్‌లో ఏది ఏ గ్యాప్?

సుజాత_నిజాంపేట

అందరికీ నమస్కారం. నిఫ్టీ డైలీ చార్ట్‌లో 2025 ఏప్రిల్, మే నెలలు తెరిచి చూస్తున్నాను. మూడు పెద్ద గ్యాప్‌లు, అంటే ముందు రోజు క్లోజ్ నుంచి ఆ రోజు ఓపెన్‌కి ధర ఒక్కసారిగా దూకిన చోట్లు, కనిపిస్తున్నాయి.

ఏప్రిల్ 7న గ్యాప్ డౌన్. అంతకు ముందు క్లోజ్ 22,904, ఆ రోజు ఓపెన్ 21,758. ఏప్రిల్ 15న గ్యాప్ అప్, 22,828 నుంచి 23,368కి. మే 12న మళ్లీ గ్యాప్ అప్, 24,008 నుంచి 24,420కి.

మొదటిది ఏప్రిల్ 11కల్లా మూసుకుంది, అంటే ధర పాత క్లోజ్‌కి తిరిగొచ్చి గ్యాప్ ఫిల్ అయ్యింది. మిగతా రెండూ 2025 ఆఖరు దాకా పూర్తిగా మూసుకోలేదు. రేంజ్ లోపల పడే కామన్, పాత స్థాయిని పగలగొట్టే బ్రేక్‌అవే, పరుగు మధ్యలో పడే రన్‌అవే, పరుగు చివర పడే ఎగ్జాషన్ అని నాలుగు రకాలున్నాయని చదివాను. ఇప్పుడు చార్ట్ మొత్తం కనిపిస్తోంది కాబట్టి పేర్లు పెట్టడం తేలికే. ఉదయం 9:15కి మన ముందు ఒక్క క్యాండిల్ కూడా ఉండదు కదా, అప్పుడు ఏది ఫిల్ అవుతుందో, ఏది కాదో ఎలా తేల్చుకుంటారు? ట్రేడ్ ఎక్కడ తీసుకుంటారు, నష్టాన్ని ఆపే స్టాప్ ఎక్కడ పెడతారు? అంకెలతో చెప్పగలిగితే మేలు.

గోదారి_బుల్

సుజాత గారూ, ఇందులో పెద్ద చిక్కేమీ లేదు. ప్రతి గ్యాప్ ఎప్పటికైనా మూసుకోవాల్సిందే. మూడు రోజుల్లో మూసుకుంటే కామనో, ఎగ్జాషనో. మూడు రోజులు దాటినా మూసుకోలేదంటే బ్రేక్‌అవే. నేను అదే లెక్కతో వెళ్తాను. గ్యాప్ అప్ అయితే ముందు అమ్మి షార్ట్, గ్యాప్ డౌన్ అయితే కొని లాంగ్, టార్గెట్ నిన్నటి క్లోజ్.

వరంగల్_కుర్రాడు

అన్నా, "ఎప్పటికైనా" అన్న మాట దగ్గరే నాకు ఇబ్బంది. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ చూడండి. 2024 జనవరి 16న ఫలితాలు వచ్చాయి. 1,679 దగ్గర క్లోజ్ అయిన షేరు మర్నాడు పెద్ద గ్యాప్‌తో తెరుచుకుని, 1,537 దగ్గర ముగిసింది. ఆ పాత క్లోజ్‌కి తిరిగొచ్చింది జూన్‌లో. ఐదు నెలలు. మూసుకుంది, నిజమే. కానీ ఆ ఐదు నెలలూ ఫ్యూచర్స్‌లో లాంగ్ పట్టుకుని కూర్చోవాలంటే నెల నెలా తర్వాతి కాంట్రాక్టుకు మారుతూ రోలోవర్ చేయాలి, మధ్యలో షేరు ఇంకా కిందికి వెళ్లినప్పుడు మార్జిన్ కట్టాలి. డెలివరీలో ఉన్నవాళ్లకు ఓపిక ఉంటే సరిపోతుంది, ఫ్యూచర్స్‌లో ఉన్నవాళ్లకు సరిపోదు.

ఇప్పుడు ఆ చార్ట్ తెరిస్తే ఈ అంకెలు కనిపించవు. 2025 ఆగస్టులో ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చారు కాబట్టి అన్నీ సగమై 840, 769 ప్రాంతంలో ఉంటాయి.

శ్రీను_ఒంగోలు

బోనస్ మాట వచ్చింది కాబట్టి నాదీ అడుగుతున్నాను. నా దగ్గర రిలయన్స్ పాత చార్ట్ ఒకటి ప్రింట్ తీసి ఉంది. 2024 అక్టోబర్ 25న 2,650 పైన ఉంది, 28న 1,330 ప్రాంతంలో ఉంది. ఇంత పెద్ద గ్యాప్ డౌన్ నేనెక్కడా చూడలేదు. ఇది బ్రేక్‌అవేనా? మళ్లీ 2,650 దాకా ఫిల్ అవుతుందని పట్టుకుని ఉండొచ్చా?

పాత_టికర్

శ్రీను గారూ, అది గ్యాపే కాదు. రిలయన్స్ ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చింది, అక్టోబర్ 28 ఎక్స్ డేట్, అంటే ధర బోనస్‌కు తగ్గట్టు మారిన రోజు. మీ ఖాతాలో ఒక షేరు రెండయ్యింది, ధర సగమయ్యింది, విలువ అలాగే ఉంది. మీ ప్రింట్ బోనస్‌కు సర్దుబాటు చేయని చార్ట్. దాన్ని పట్టుకుని ఫిల్ కోసం చూడకండి. పెద్ద డివిడెండ్ ఎక్స్ డేట్ నాడు కూడా చిన్న ఎత్తున ఇలాగే జరుగుతుంది. షేరులో గ్యాప్ కనిపించిన రోజు ముందు ఎక్స్ డేట్ ఉందేమో చూడాలి. రకాలూ పేర్లూ ఆ తర్వాత.

సుజాత గారి ప్రశ్నకు వస్తాను. మీరు తెచ్చిన మూడు గ్యాప్‌లూ ఒకే కథలో మూడు ఘట్టాలు, అందుకే వాటితోనే చెబుతాను. నేను అడిగేది ఒకటే: ఓపెన్ ఏ పాత స్థాయిని దాటింది, దాటాక దాని అవతలే నిలిచిందా, తిరిగి లోపలికి వచ్చిందా?

ఏప్రిల్ 7 ఉదయం అమెరికా సుంకాల భయంతో ప్రపంచ మార్కెట్లన్నీ పడి ఉన్నాయి. మన పతనం అప్పటికే పాతబడింది. 2024 సెప్టెంబర్ ఆఖర్లో 26,277 తాకిన నిఫ్టీ 2025 మార్చి 4న 21,965కి దిగింది. మార్చిలో 23,870 దాకా లేచి, మళ్లీ పడుతూ ఏప్రిల్ 4కి 22,904 దగ్గర ఉంది. 7న 21,758లో తెరుచుకుందంటే మార్చి 4 నాటి అడుగును 200 పాయింట్లు పగలగొట్టిందన్నమాట. ఆ క్షణంలో చూస్తే అది అచ్చం కిందికి బ్రేక్‌అవే. పాత అడుగు పోయింది, కింద ఆసరా లేదు, వార్త భయంకరం.

కానీ ఆ రోజు కనిష్ఠం 21,744. ఓపెన్‌కి 15 పాయింట్ల కింద, అంతే. అక్కణ్నుంచి లేచి, 21,965 దాటి, 22,162లో ముగిసింది. మార్చి అడుగు కింద అమ్మినవాళ్లందరూ సాయంత్రానికి నష్టంలో ఉన్నారు. నెలల తరబడి పడిన మార్కెట్ ఇంకో పెద్ద గ్యాప్‌తో కిందికి తెరుచుకుని, కొత్త అడుగు దగ్గర నిలవలేక అదే రోజు పాత అడుగు పైకి వచ్చి ముగిస్తే, దాన్నే ఎగ్జాషన్ అంటాను. ఆ మాట అనగలిగింది 3:30కి. 9:15కి కాదు.

కవిత_ఆప్షన్స్

టికర్ గారూ, గౌరవంతోనే అడుగుతున్నా. 3:30కి తెలిస్తే ఆ రోజు ట్రేడ్ చేసేవాళ్లకు ఏం ఉపయోగం? 21,965 తిరిగి దాటగానే కొనేయొచ్చు కదా?

పాత_టికర్

కొనొచ్చు. లెక్క వేసి చూద్దాం, ఇండెక్స్ అంకెలతోనే. 21,965 దగ్గర లాంగ్, స్టాప్ ఆ రోజు కనిష్ఠం 21,744 కింద. రిస్క్ దాదాపు 220 పాయింట్లు. అప్పట్లో నిఫ్టీ ఫ్యూచర్స్ లాట్ 75 కాబట్టి ఒక్క లాట్‌కి 16,500 రూపాయలు. సాయంత్రం 22,162లో బయటికి వస్తే లాభం 197 పాయింట్లు. పెట్టిన రిస్క్ పాటి కూడా రాలేదు. చరిత్రలో నిలిచిపోయే తిరుగుబాటు రోజున, సరైన దిక్కున ఉండి కూడా ఇంతే.

ఫిల్ కోసం పట్టుకున్నవాళ్ల సంగతి చూడండి. గ్యాప్ మొత్తం 1,146 పాయింట్లు. అందులో సగం రావాలంటే 22,331 చేరాలి. ఆ రోజు గరిష్ఠం 22,254. అంటే సగం ఫిల్ కూడా కాలేదు. పూర్తి ఫిల్ కావాలంటే 11 దాకా ఆగాలి. ఆగినవాళ్లకు 900 పైచిలుకు పాయింట్లు దక్కాయి. మధ్యలో 9న అమెరికా సుంకాలకు 90 రోజుల విరామం ప్రకటించింది, 10న మనకు మహావీర్ జయంతి సెలవు. విరామానికి బదులు ఇంకో సుంకం వచ్చి ఉంటే సెలవు దాటేదాకా చేతులు కట్టుకుని చూడటమే. గ్యాప్ ఫిల్ అని ఒకే పేరుతో పిలుస్తున్నాం గానీ, సాయంత్రానికి తేల్చుకునే పందెం వేరు, రాత్రి దాటించే పందెం వేరు. టార్గెట్ పెట్టుకునే ముందు ఏది ఆడుతున్నామో తేల్చుకోవాలి.

ఇంకో సంగతి. ఇండెక్స్ ఓపెన్ అనేది 9:15కి ముందు జరిగే ప్రీ ఓపెన్‌లో 50 షేర్లకు కుదిరిన ధరల నుంచి లెక్క కట్టేది. ఆ రోజుల్లో ఫ్యూచర్స్‌కు ప్రీ ఓపెన్ లేదు, 9:15కి నేరుగా మొదలయ్యేవి. కాబట్టి 21,758 చార్ట్ మీద ఉన్న అంకే గానీ మన ఆర్డర్‌కు దొరికే ధర కాదు. ఓపెన్‌లోనే ఎంట్రీ అని వేసుకున్న పాత లెక్కలేవీ నేను నమ్మను.

గోదారి_బుల్

సరే, కానీ ఏప్రిల్ 7 గ్యాప్ నా మూడు రోజుల లెక్కకు సరిపోయింది కదా? 8, 9, 11. మూడో రోజే మూసుకుంది.

పాత_టికర్

గ్యాప్ పడిన రోజును కలుపుకుంటే నాలుగో సెషన్. ఎలా లెక్కపెట్టినా ఒకటే, ఎందుకంటే మూడు రోజులయ్యాక పెట్టే పేరు మొదటి రోజు పెట్టాల్సిన స్టాప్‌కు పనికిరాదు. మీ పద్ధతిలో మే 12 ఉదయం ఏం చేసేవారు?

గోదారి_బుల్

గ్యాప్ అప్ కాబట్టి 24,420 ప్రాంతంలో షార్ట్. టార్గెట్ 24,008.

పాత_టికర్

ఆ రోజు కనిష్ఠం 24,379. ఓపెన్ నుంచి కిందికి వచ్చింది 41 పాయింట్లే. ముగిసింది 24,925 దగ్గర, ఓపెన్‌కి 500 పాయింట్ల పైన. స్టాప్ లేకుండా షార్ట్‌లో ఉన్నవాళ్లకు లాట్‌కి 37,000 పైన పోయింది. మే 10 శనివారం భారత్, పాకిస్తాన్ కాల్పుల విరమణ ప్రకటించాయి. 9 శుక్రవారం దాకా ధరలో కూర్చున్న యుద్ధభయం సోమవారం ఒక్కసారిగా లేచిపోయింది. భయం పోయాక, ఆ భయంతో అమ్ముకున్న ధరకు మార్కెట్ అదే రోజు ఎందుకు తిరిగి వస్తుంది?

కవిత_ఆప్షన్స్

ఇక్కడ మీ పాత స్థాయి సూత్రమే నాకు అడ్డం తిరుగుతోంది. మే 12 ఓపెన్ 24,420. మే 2న గరిష్ఠం 24,590 దాకా ఉంది. అంటే ఓపెన్ ఏ పాత గరిష్ఠాన్నీ దాటలేదు, మూడు వారాల రేంజ్ లోపలే తెరుచుకుంది. మీ లెక్కన అది కామన్ గ్యాప్ కావాలి, మూసుకోవాలి. మూసుకోలేదు సరికదా, అదే రోజు 24,590 దాటి వెళ్లిపోయింది.

పాత_టికర్

మంచి పట్టు పట్టారు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఓపెన్ రేంజ్ లోపలే పడింది, రేంజ్ దాటింది మాత్రం ట్రేడింగ్‌లో. కొందరు దీన్ని బ్రేక్‌అవే అంటారు, ఏప్రిల్ నుంచి సాగుతున్న పరుగులో రెండో రన్‌అవే అనేవాళ్లూ ఉన్నారు. నేనైతే పేరు పక్కన పెట్టి, ఫిల్ వైపు వెళ్లడానికి కారణం దొరికిందా లేదా అని మాత్రం చూస్తాను. ఆ రోజు దొరకలేదు.

సుజాత_నిజాంపేట

కారణం దొరకడం అంటే? దాన్ని ఒక అంకెలో పెట్టగలరా టికర్ గారూ?

పాత_టికర్

చాలామంది వాడేది పావు వంతు పద్ధతి. గ్యాప్‌లో నాలుగో వంతు ధర వెనక్కి తింటేనే ఫిల్ వైపు ఎంట్రీ. స్టాప్ ఆ రోజు అప్పటిదాకా చూసిన చివరి అంచుకు అవతల. సాయంత్రం బయటికి. మీ మూడింటి మీదా వేద్దాం, 2024 జూన్ 3ని కూడా కలుపుదాం.

మే 12: గ్యాప్ 412, పావు వంతు 103. 24,317 రావాలి, రాలేదు. ట్రేడ్ లేదు, డబ్బు పోలేదు. ఇక్కడ పద్ధతి కాపాడింది.

ఏప్రిల్ 7: పావు వంతు 286. దాదాపు 22,045 దగ్గర లాంగ్, 22,162లో బయటికి. 117 పాయింట్ల లాభం. పెట్టిన రిస్క్ 300.

ఏప్రిల్ 15: గ్యాప్ 540, పావు వంతు 135. 23,233 దగ్గర షార్ట్. ఆ రోజు కనిష్ఠం 23,207, ముగింపు 23,328. దాదాపు 95 పాయింట్ల నష్టం.

2024 జూన్ 3, ఎగ్జిట్ పోల్స్ తర్వాతి సోమవారం. మే 31 క్లోజ్ 22,531, ఓపెన్ 23,338. గ్యాప్ 807, పావు వంతు 202. 23,136 దగ్గర షార్ట్. కనిష్ఠం 23,062 తాకి, 23,264లో ముగిసింది. దాదాపు 128 నష్టం.

నాలుగింటికీ కలిపితే నష్టమే. నాలుగు రోజులతో ఏ పద్ధతినీ కొట్టిపారేయకూడదు, నెత్తిన పెట్టుకోకూడదు కూడా. కానీ ఎక్కడ దెబ్బతిందో చూడండి. ఏప్రిల్ 15 నాడు ఓపెన్ ఏప్రిల్ 11 గరిష్ఠం 22,924ని దాటి ఎక్కడో పైన పడింది. రోజంతా ఆ స్థాయి దగ్గరికే రాలేదు. 280 పాయింట్ల దూరంలో ఆగిపోయింది. గ్యాప్‌లో కొంత తిన్నంత మాత్రాన అది ఫిల్ అయ్యే గ్యాప్ అనుకోలేం. పరుగు మధ్యలో పడిన గ్యాప్‌లో పొద్దున్నే లాభాలు తీసుకునేవాళ్లు కొంత కిందికి లాగుతారు, అది మామూలే. పాత స్థాయి లోపలికి వచ్చి ముగిసిన రోజు ఈ నాలుగింటిలో ఒక్కటే, ఏప్రిల్ 7.

రావు_డల్లాస్

ఇక్కడ అమెరికాలో రెగ్యులర్ సెషన్‌కు ముందూ వెనకా కూడా షేర్లు ట్రేడ్ అవుతాయి. అందుకే రెగ్యులర్ చార్ట్‌లో గ్యాప్‌గా కనిపించేది నిజానికి చాలావరకు ట్రేడ్ అయిన ధరే. ఎన్విడియా 2023 మే 25 చూడండి. ముందు రోజు 305 దగ్గర ముగిసింది, ఫలితాల తర్వాత 385 దగ్గర తెరుచుకుంది, 380 దగ్గర ముగిసింది. ఏఐ చిప్‌లకు గిరాకీ ఎంత ఉందో కంపెనీ అమ్మకాల అంచనాలోనే తెలిసిపోయింది. ఆ 305కి షేరు మళ్లీ తిరిగి రాలేదు. 2024 జూన్‌లో ఒకటికి పది స్ప్లిట్ అయ్యింది కాబట్టి ఇప్పటి చార్ట్‌లో అది 30.5. గోదారి గారి "ప్రతి గ్యాప్ మూసుకోవాల్సిందే" సూత్రానికి దీనితో ఏం చెబుతారు?

గోదారి_బుల్

"ఎప్పటికైనా" అన్నాను కదా అనొచ్చు గానీ, వరంగల్ తమ్ముడు చెప్పిన మార్జిన్ సంగతి చూశాక ఆ వాదన నిలవదు. ఇండెక్స్‌లో చిన్న గ్యాప్‌ల వరకు నా మాట మీదే ఉంటాను. షేర్లలో ఫలితాల గ్యాప్‌కి ఎదురు వెళ్లడం ఆపేస్తాను.

సుజాత_నిజాంపేట

జూన్ 3 గురించి ఒకటి అడగాలి. ఆ గ్యాప్ మర్నాడే మూసుకుంది కదా? జూన్ 4న ఓట్ల లెక్కింపు రోజు నిఫ్టీ 21,281 దాకా పడి 21,884లో ముగిసింది. 3 సాయంత్రం షార్ట్ మూసేయకుండా రాత్రి దాటించినవాళ్లు రాజులయ్యారు.

పాత_టికర్

అయ్యారు. కానీ అది గ్యాప్ చదవడం వల్ల వచ్చిన డబ్బు కాదు, ఎన్నికల ఫలితం మీద కట్టిన పందెం. 3న మార్కెట్ మే 27 నాటి రికార్డు 23,110 పైన తెరుచుకుంది, మధ్యలో దాని కిందికి తొంగి చూసి, మళ్లీ పైన ముగిసింది. చార్ట్ మాత్రమే చూస్తే అది నికార్సైన బ్రేక్‌అవే. ఆ ముగింపు చూసి మీరు షార్ట్ దాటించమని ఎవరికైనా చెప్పగలరా? మర్నాడు పొద్దున ఎగ్జిట్ పోల్స్ చెప్పినన్ని సీట్లు రావడం లేదని తేలింది, దాంతో గ్యాప్‌కు ఉన్న కారణమే పోయింది. కారణం పోయిన గ్యాప్ ఏ రకానిదైనా మూసుకుంటుంది. మే 12 గ్యాప్ నిలిచింది కూడా అందుకే, విరమణ నిలిచింది.

జూన్ 3 నాటి వార్త అంచనా, మే 12 నాటి వార్త జరిగిపోయిన సంగతి. పొద్దున్నే నేను ముందు ఈ తేడానే చూస్తాను. మర్నాడే అంచనా తేలిపోతుందంటే ఆ గ్యాప్ మీద అటూ ఇటూ ఏ పొజిషనూ రాత్రి దాటించను.

కవిత_ఆప్షన్స్

నా పద్ధతి చెబుతాను, ఇది పెద్ద గ్యాప్‌లకు కాదు. నేను ఫిల్ ఆడేది కామన్ గ్యాప్‌లలోనే. నిఫ్టీ నిన్నటి రేంజ్ లోపలే 50, 60 పాయింట్ల తేడాతో తెరుచుకుని, పెద్ద వార్త ఏమీ లేకపోతే, మొదటి 15 నిమిషాల క్యాండిల్ ఫిల్ వైపు విరిగాక ఎంట్రీ. టార్గెట్ నిన్నటి క్లోజ్. మధ్యాహ్నం దాటాక ఉండను. రాత్రి కూడా ట్రేడ్ అయ్యే గిఫ్ట్ నిఫ్టీ కదలిక వల్ల ఇలాంటివి తరచూ పడుతుంటాయి.

పెద్ద గ్యాప్ రోజుల్లో ఆప్షన్లు కొని ఫిల్ ఆడకపోవడానికి నా కారణం ప్రీమియం. మార్కెట్ ఎంత ఊగుతుందన్న అంచనాను చూపే ఇండియా విక్స్ ఏప్రిల్ 7న 13.8 నుంచి 22.8కి ఎగిరింది. ఆ పొద్దున కాల్ కొన్నవాళ్లు ఉబ్బిన ప్రీమియం కట్టి కొన్నారు. దిక్కు సరిగ్గా చెప్పినా, విక్స్ దిగే కొద్దీ అందులో కొంత ఆవిరైపోతుంది.

వరంగల్_కుర్రాడు

అక్కా, 50 పాయింట్ల గ్యాప్‌లో క్యాండిల్ విరిగేదాకా ఆగితే మిగిలేది ముప్పయ్యే కదా. ఫ్యూచర్స్‌లో ఖర్చులు పోతే ఏం మిగులుతుంది?

కవిత_ఆప్షన్స్

తమ్ముడూ, అడగాల్సిన మాటే. 2025 లెక్క చెబుతా. 24,000 దగ్గర 75 లాట్ అంటే 18 లక్షల కాంట్రాక్టు. అమ్మకం మీద లావాదేవీ పన్ను ఎస్‌టీటీ 0.02 శాతం, అంటే 360 రూపాయలు, దాదాపు 5 పాయింట్లు. బ్రోకరేజీ, మిగతా ఛార్జీలు, స్లిప్పేజీ దానికి పైన. అందుకే 40 కన్నా చిన్న గ్యాప్ ముట్టుకోను. ఎస్‌టీటీ పెరిగినప్పుడల్లా ఆ హద్దు పైకి జరుపుతాను.

శ్రీను_ఒంగోలు

బోనస్ సంగతి అర్థమైంది సార్, ధన్యవాదాలు. ఇంకొకటి. మా బావగారు మే 9న నిఫ్టీ షార్ట్‌లో ఉండి స్టాప్ లాస్ 24,150 దగ్గర పెట్టుకున్నారు. సోమవారం అది 24,400 పైన కొట్టింది. బ్రోకర్ మోసం చేశాడని ఆయన గొడవ. నిజంగా మోసమేనా?

పాత_టికర్

మోసం కాదు శ్రీను గారూ. స్టాప్ అంటే ఆ ధర దాటాక ఆర్డర్ మార్కెట్‌లోకి వెళ్తుందని మాత్రమే, ఆ ధరకే కొని పెడతారని కాదు. 24,150 దగ్గర ఆ సోమవారం ఒక్క ట్రేడ్ కూడా జరగలేదు, ధర దాని మీదుగా దూకేసింది. అందుకే మొదట దొరికిన ధరకు కొన్నారు. 270 పాయింట్ల తేడా అనుకుంటే లాట్‌కి 20,000 పైన. స్టాప్ లిమిట్ పెట్టి ఉంటే ఇంకా అధ్వానం. లిమిట్ దాటిపోయి ఉంటే ఆర్డర్ పడేదే కాదు, షార్ట్ తెరిచే ఉండి 24,925 దాకా వెంట వెళ్లేది. వారాంతానికి యుద్ధ వార్తలు నడుస్తుంటే రక్షణ స్టాప్‌లో దొరకదు. పొజిషన్ తగ్గించుకోవాలి, లేదా కాల్ కొని పెట్టుకోవాలి. కాల్‌కి కట్టిన ప్రీమియమే గరిష్ఠ ఖర్చు.

రావు_డల్లాస్

టికర్ గారూ, ఏప్రిల్ 15ని పరుగు మధ్యలో పడిన గ్యాప్ అన్నారు, అంటే రన్‌అవే. పరుగుకు సరిగ్గా మధ్యలో పడుతుందని, దాన్నుంచి టార్గెట్ లెక్క కట్టొచ్చని అంటారు కదా. అది పని చేసిందా?

పాత_టికర్

ఈసారి ఆశ్చర్యంగా దగ్గరికి వచ్చింది. అడుగు 21,744. గ్యాప్ ఖాళీ, అంటే ముందు సెషన్ గరిష్ఠానికీ ఆ రోజు కనిష్ఠానికీ మధ్య ధర తాకని చోటు, 22,924 నుంచి 23,207 వరకు, దాని మధ్య బిందువు దాదాపు 23,065. అడుగు నుంచి అక్కడికి 1,321 పాయింట్లు. అంతే దూరం పైకి కలిపితే 24,386. మార్కెట్ ఏప్రిల్ 25న 24,365 తాకి అదే రోజు 23,850 దాకా జారింది. మే 12 తర్వాత ఆ స్థాయిని దాటి 25,000 పైకి వెళ్లిపోయింది. కాబట్టి ఆ అంకె లాభంలో కొంత తీసుకోవడానికి పనికొచ్చింది గానీ, పరుగు అక్కడితో అయిపోయిందనడానికి పనికిరాలేదు. దీన్ని ఒక్క ఉదాహరణగానే చూడండి.

వాల్యూమ్ గురించి ఎవరూ అడగలేదు గానీ చెబుతాను. నిఫ్టీ ఇండెక్స్‌కు సొంత వాల్యూమ్ ఉండదు. గ్యాప్‌ను వాల్యూమ్‌తో చూడాలంటే నిఫ్టీ ఫ్యూచర్స్ తెరవండి, అది కూడా ఎక్స్‌పైరీ వారం కాకుండా. రోలోవర్ రోజుల్లో పాత కాంట్రాక్టు నుంచి కొత్తదానికి మారే వాల్యూమ్ కలిసిపోయి తప్పుదారి పట్టిస్తుంది.

సుజాత_నిజాంపేట

చాలా ఉపయోగపడింది. కవిత గారి మే 12 ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ గ్యాప్ ఖాళీ 24,164 నుంచి 24,379 వరకు. ఆగస్టులో నిఫ్టీ 24,340 దగ్గరకు దిగి అందులో కొంచెం తిని పైకి లేచింది. అది గ్యాప్ ఆసరా వల్లనేనా, లేక ఇంకేదైనానా?

కవిత_ఆప్షన్స్

నేనైతే గ్యాప్ అంచు వల్లే అంటాను. ఆగస్టు ఆఖర్లో మళ్లీ దిగినప్పుడు కూడా 24,400 ప్రాంతంలోనే నిలిచింది. రెండుసార్లు ఒకే చోట.

పాత_టికర్

నేను అంత గట్టిగా అనను. ఆగస్టులో మనకు అమెరికా అదనపు సుంకాల వార్తలు ఒకపక్క, జీఎస్టీ తగ్గిస్తామన్న ప్రకటన ఇంకోపక్క. రెండూ ధరను లాగుతున్నాయి. గ్యాప్ పైఅంచు దగ్గర కొనేవాళ్లు దొరికారన్నది నిజం. వాళ్లు గ్యాప్ చూసి కొన్నారా, వార్త చూసి కొన్నారా అన్నది చార్ట్ చెప్పదు. ఆగస్టు రోజువారీ ఫ్యూచర్స్ వాల్యూమ్ మీ దగ్గర ఉంటే పెట్టండి కవిత గారూ, 24,340 తాకిన రోజు, ఆఖరి వారం రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

కవిత_ఆప్షన్స్

ఉంది. ఆఖరి వారంలో నెల ఎక్స్‌పైరీ పడింది కాబట్టి రెండు కాంట్రాక్టులూ విడివిడిగా పెడతాను. ఆదివారం పోస్ట్ చేస్తా.